ఉడతకి పేరు: పోయినాడా, పోయిందా?

తిరుపతి నుంచి అడుగుతా ఉండా. నాలుగైదేళ్ళ పిల్లోళ్ళకి బొమ్మల పుస్తకాలు ఆరు చేస్తా ఉండాము, అన్నింట్లో హీరో ఒకటే ఉడత. పేరు 'బుడ్డోడు' అనుకున్నాం. మొదటిది 'బుడ్డోడు సంతకి పోయినాడు', రెండోది 'బుడ్డోడి తోక యాడ?'. అట్ట మీద పేరు ఒకే అచ్చులా పడాలంటాడు బొమ్మలేసే తమ్ముడు, ఇదేమో ఒకసారి డు, ఇంకోసారి డి. ఏం చేసేది?

పీలేరు పెద్దాయన: జంతువులకి 'పోయినాడు' అనడమే తప్పు తల్లీ, వ్యాకరణంలో అవి అమహత్తు. 'పోయింది' అనే రాయాల.

చిత్తూరు టీచరు: సగం నిజమే సార్. ఉత్త నక్క అయితే 'అనింది', అదే నక్కబావ అనంగానే 'అన్నాడు' అయిపోతుంది కదా, ఎవరూ తప్పనరు. క్రియ జంతువుని చూసి కాదు, పేరుని చూసి మారుతుంది. అక్కా, డు తో అయ్యే పేరు పెడితే ఆరు పుస్తకాల్లోనూ ఈ గోల తప్పదు: బుడ్డోడు, బుడ్డోడి, బుడ్డోడికి. ఇంకోటి, డ కింద డ ఒత్తు. గుణింతాలు కూడా పూర్తిగా రాని పిల్లోళ్ళు దాన్ని 'బుడోడు' అనే చదువుతారు.

రేణిగుంట తాత: ఏ నక్షత్రమమ్మా? మా మనవడిది అశ్విని, చు చే చో లా వచ్చినాయి.

అడిగినామె: తాతా, ఉడతకి 😀

మదనపల్లె అన్న: దేవాంగపిల్లి పెట్టండి, మన శేషాచలం అడవిలో ఉండాది, కొత్తగా ఉంటాది.

టీచరు: అది పిల్లే కాదన్నా. నేనొకసారి క్లాసులో కుందేలు బొమ్మ చూపించి 'చెవులపిల్లి' అన్నా, పిల్లోళ్ళు 'పిల్లి యాడుండాది మేడం' అని పేజీ అంతా వెతికినారు. అడిగింది ఉడత కాబట్టి 'గీత' అని చూడండి. వీపు మీద గీతలుంటాయి, ఒత్తు లేదు, వెనకాల ఏమొచ్చినా పేరు కదలదు. గీత సంతకి పోయింది, గీత తోక యాడ, గీతకి జొరం వచ్చింది.

పెద్దాయన: 'గీత దారి తప్పింది' అని అట్ట మీద వేస్తే తిరుపతిలో కొనేవాళ్ళు ఏమనుకుంటారో!

టీచరు: 😂 అది నిజమే, ఆ ఒక్క టైటిల్ మానుకోండి. లేదా ముందర 'ఉడత గీత' అని వేయండి, అప్పుడు భగవద్గీత అనుకోరు. పొడుగవుతాది, కానీ బొమ్మ చూడకపోయినా ఎవరో తెలుస్తాది.

బొమ్మలేసే తమ్ముడు: నేను ఐదు చారలేసినా, తప్పా?

టీచరు: మన చెట్ల మీద తిరిగేదానికి మూడే తమ్ముడూ. పేరే గీత అయితే పిల్లోళ్ళు లెక్కపెడతారు, మార్చేయి.

అడిగినామె: 'ఉడత గీత' నచ్చింది, ఇంట్లో మా అమ్మ మాత్రం బుడ్డోడే కావాలంటా ఉంది. ఇంతకీ ఉడతా, ఉడుతా? ఇక్కడ నోట్లో ఉడతే.

పెద్దాయన: పుస్తకం కదా, ఉడుత అనే రాయాల.

టీచరు: రెండూ ఉన్నాయి సార్, ఏదైనా ఆరింట్లోనూ అదే ఉండాల.

బొమ్మలేసే తమ్ముడు: నేను మొదటి అట్ట మీద ఉడత అని వేసేసినానక్కా.