బాక్స్ ప్లాట్: పెట్టెను నమ్మాలా, చివరి గీతలనా?

రెండు సెక్షన్ల లెక్కల మార్కుల (100కు) బాక్స్ ప్లాట్లున్న పేజీకి ఫోటో మాత్రమే నా దగ్గర ఉంది. ఏటవాలుగా తీసినది కావడంతో స్కేలుపై 0–20 మధ్య దూరం 80–100 మధ్య దూరం కన్నా ఎక్కువగా కనిపించింది. ఫోన్‌లో ఫోటోను సరిచేసి, గళ్లన్నీ సమానమయ్యాకే విలువలు చదివాను. ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ కావచ్చు.

ఎ సెక్షన్: కనిష్ఠం 30, పెట్టె 45 నుంచి 72, మధ్యగతం 58, గరిష్ఠం 92.
బి సెక్షన్: కనిష్ఠం 12, పెట్టె 52 నుంచి 68, మధ్యగతం 61, గరిష్ఠం 90.

మధ్యగతంలో బి కాస్త ముందుంది, అయితే పెట్టెలు ఒకదానిపై ఒకటి పడుతున్నందున ఆ 3 మార్కుల తేడాకు నేను పెద్దగా విలువ ఇవ్వడం లేదు. చిక్కంతా విస్తరణ దగ్గరే. గరిష్ఠ కనిష్ఠాల తేడా చూస్తే ఎ 62, బి 78. పెట్టె పొడవు చూస్తే ఎ 27, బి 16. రెండూ ఎదురు తిరుగుతున్నాయి. విడి చుక్కలేవీ గీయలేదు కాబట్టి ఆ 12 ఒక్క విద్యార్థిదేనా, చాలామంది అక్కడే ఉన్నారా అన్నది తెలియదు. మళ్లీ కొలిచినా ఇవే అంకెలు వచ్చాయి.

ఇలాంటప్పుడు ఏ సెక్షన్ మార్కులు ఎక్కువ చెదిరి ఉన్నాయని రాయాలి, ఏ కొలతను ఆధారంగా చూపాలి?