మిథైల్ పడ్డాక జీన్ ఆగుతుందా, జీన్ ఆగాక మిథైల్ పడుతుందా?

కావలి_ఫస్టియర్
జీన్ ఆగిపోవడానికి డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న గుర్తు పడటం, అంటే మిథైలేషన్ కారణమని మేడమ్ చెప్పారు, డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల మీద అసిటైల్ గుర్తు పోవడమే కారణమని సార్ చెప్పారు. రెండిట్లో ముందు జరిగేది ఏది? సోమవారం ఇంటర్నల్స్, టెన్షన్‌గా ఉంది.

ప్రసాద్_నెల్లూరు
తమ్ముడూ, మిథైల్ తాళం, అసిటైల్ గడియ. అసిటైల్ గంటల్లో వచ్చి పోతుంది, మిథైల్ గుర్తు మాత్రం కణం రెండుగా చీలినా రెండిట్లోకీ వెళ్తుంది. కాబట్టి ముందు మిథైలే. అది ఎక్కడ పడితే అక్కడ జీన్ ఆఫ్, అంతే రాసెయ్.

పాటూరు_అక్క
ప్రసాద్ గారూ, గుర్తు నిలుస్తుందన్నది నిజమే, కానీ నిలిచేదే ముందు రావాలని లేదు కదా. ఎక్కడ పడితే అక్కడ ఆఫ్ అన్నది కూడా తప్పు. జీన్ మొదట్లో, అంటే ప్రమోటర్ దగ్గర ఒత్తుగా పడితేనే ఆగుతుంది, జీన్ నడుమ భాగంలో మిథైల్ ఉండి కూడా చక్కగా పనిచేసే జీన్లు బోలెడు.

తమ్ముడూ, మాది మగ్గాల ఊరు, నాకు ఇది కండెతోనే అర్థమైంది. ఎనిమిది హిస్టోన్లు కలిస్తే ఒక కండె, దాని చుట్టూ 147 అక్షరాల డీఎన్ఏ, రెండు చుట్లు కూడా నిండదు. డీఎన్ఏది నెగటివ్ చార్జ్, హిస్టోన్ తోకల్లోని లైసిన్‌ది పాజిటివ్, అందుకే గట్టిగా అంటుకుంటాయి. లైసిన్ మీద అసిటైల్ ఎక్కితే ఆ పాజిటివ్ పోయి పట్టు వదులవుతుంది, జీన్‌ని చదివే ఎంజైములకు దారి దొరుకుతుంది. మిథైల్ మాత్రం దారం మీదే పడుతుంది, ఎక్కువగా C పక్కన G ఉన్న చోట. దాన్ని గుర్తుపట్టి కూర్చునే మెక్‌పీ2 అనే ప్రోటీన్, అసిటైల్‌ని తీసేసే ఎంజైమ్‌ని కూడా వెంట తెస్తుందని 1998లో తేలింది. అంటే మీ మేడమ్, సార్ చెప్పినవి ఒకే గొలుసులో రెండు కొక్కేలు.

ఇక 1999లో జరిగిన ఒక ప్రయోగం చూడు. పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో డీఎన్ఏ తప్పులు దిద్దే ఎంఎల్‌హెచ్1 జీన్ మిథైల్ పడి ఆగిపోయి ఉంది. అసిటైల్ పోకుండా కాపాడే ట్రైకోస్టాటిన్ మందు ఒక్కటే ఇస్తే ఆ జీన్ లేవలేదు. మిథైల్‌ని తగ్గించే డెసిటాబిన్ కొద్దిగా ఇచ్చి, ఆ తర్వాత ట్రైకోస్టాటిన్ ఇస్తే గట్టిగా లేచింది. మిథైల్ ఒత్తుగా ఉన్న చోట అసిటైల్ ఒక్కటే చాలదని తెలిసింది, ఇంతవరకు ప్రసాద్ గారి వైపే.

కానీ ఆడ ఎలుక పిండాల్లో రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి ఆగిపోయేటప్పుడు, దాని మీది హెచ్‌పీఆర్‌టీ జీన్‌ని గమనిస్తే, క్రోమోజోమ్ ఆగిన చాలా రోజుల తర్వాత గానీ మిథైల్ పడలేదు. ఇది 1987 నాటి మాట. అక్కడ మిథైల్ వచ్చింది ఆగినదాన్ని ఆగినట్టే ఉంచడానికి.

రమణమ్మ_పొదిలి
మా నాన్నకు షుగర్, నాకూ షుగర్. ఈ మిథైల్ మా పాపకు కూడా వస్తుందా అమ్మా? టెస్ట్ ఏమైనా చేయించాలా?

పాటూరు_అక్క
రమణమ్మ గారూ, ఇక్కడి ప్రశ్న వేరండీ. ఒకే మనిషి కణాల్లో గుర్తులు ఏ వరుసలో పడతాయన్నది మా గొడవ. తల్లిదండ్రుల గుర్తులు పిండం మొదటి రోజుల్లో చాలావరకు చెరిగిపోతాయి. పాపకు మామూలు షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించాలో మీ డాక్టర్‌ని అడగండి, చాలు.

ఒంగోలు_ఎమ్మెస్సీ
ఒక మాట చెప్తాను, నేను మూడు నెలలు పోగొట్టుకున్నాను దీని మీద. మిథైల్ ఉందో లేదో చూడటానికి డీఎన్ఏని బైసల్ఫైట్‌లో పెడతాం. మిథైల్ లేని C చివరికి T అని చదవబడుతుంది, ఉన్న C అలాగే నిలుస్తుంది. చిన్న ముక్క తీసుకోండి:

```
అసలు         : ACGTCC
మిథైల్ ఉంటే  : ACGTTT
మిథైల్ లేకుంటే: ATGTTT
```

నాకు మాత్రం ACGTCC అనే వచ్చింది. అంతా మిథైలే అని సంబరపడి రిపోర్టు రాసేశాను. చివరి రెండు C ల పక్కన G లేదు, అవి T లుగా మారి తీరాలి, మారలేదంటే బైసల్ఫైట్ సరిగ్గా పనిచేయలేదని అర్థం. అది ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, డెసిటాబిన్ కొత్త డీఎన్ఏ తయారయ్యేటప్పుడు అందులో దూరి మిథైల్ పెట్టే ఎంజైమ్‌ని పట్టేస్తుంది, కాబట్టి కణాలు చీలకుండా ఉంటే మందు పోసినా మార్పు కనపడదు.

ప్రసాద్_నెల్లూరు
నడుమ భాగం సంగతి ఒప్పుకుంటా. కానీ ఎక్స్ క్రోమోజోమ్ ఒక ప్రత్యేకమైన కేసు, దాన్ని పట్టుకుని అన్ని జీన్లకూ అదే వరుస అనలేం కదండీ.

పాటూరు_అక్క
అనలేం, నేనూ అనలేదు. కానీ మీ వైపు నిలిచిన క్యాన్సర్ కణాల్లోనూ ఒక చిక్కుంది. ఆ కణాలు ల్యాబ్‌కు వచ్చేసరికే జీన్ ఆగిపోయి ఉంది. మిథైల్ తీస్తే లేచిందంటే, ఇప్పుడు దాన్ని ఆపి ఉంచుతున్నది మిథైల్ అని తెలుస్తుంది. మొదట ఆపింది ఎవరన్నది ఆ ప్రయోగం చూడనే లేదు.

కావలి_ఫస్టియర్
అక్కా, అయితే సోమవారం "ముందు ఏది" అని అడిగితే ఏ జీన్ అని ఎదురు అడగొచ్చా?

పాటూరు_అక్క
పేపర్‌లో ఎదురు అడగలేవు గానీ, ఎంఎల్‌హెచ్1 ఒక పక్క, హెచ్‌పీఆర్‌టీ ఒక పక్క రాయి.