“పానం గుంజుతది” వేరు, “కోరిక” వేరు: ఈ తేడా చెప్పే మాట ఏది?

మిర్యాలగూడ నుంచి, అడిగినవారు:
అందరికీ నమస్కారం. నా చిన్ననాటి స్నేహితురాలికి 29 ఏళ్లు. ఆమెను అడిగే ఇది రాస్తున్నాను. నాలుగేళ్లుగా ఒకతనంటే ఆమెకు ప్రాణం. అతను హైదరాబాద్ బస్సెక్కితే ఆ పూట అన్నం సహించదు. ఫోన్ రాకపోతే టెన్షన్. అతను ఇంకో అమ్మాయితో నవ్వుతూ మాట్లాడితే కళ్లలో నీళ్లు. చేయి పట్టుకుని కూర్చోవడం ఇష్టం. కానీ అంతకు మించి శరీరానికి సంబంధించిన కోరిక అతని మీదే కాదు, ఇంతవరకు ఎవరి మీదా పుట్టలేదు. పెళ్లి మాటలకు ముందే ఈ సంగతి చెప్పాలనుకుని, “నాకు నీ మీద ఆ ఆకర్షణ లేదు” అంది. “అయితే నాలుగేళ్లు నటించావా?” అన్నాడు అతను. తప్పు ఇద్దరిదీ కాదు, ఆ మాటది అనిపించింది. ఈ రెంటినీ విడదీసి చెప్పే మాటలు మనకు లేవా?

వనపర్తి నుంచి, రిటైర్డ్ తెలుగు పండితులు:
అమ్మా, మన సంప్రదాయంలో ఇవి రెండు కావు, ఒకటే. శృంగార రసానికి స్థాయిభావం, అంటే మూలంగా నిలిచే భావం, రతి. అందులోనే మనసు ఉంది, శరీరం ఉంది. “తా వలచింది రంభ, తా మునిగింది గంగ” అన్నారు. వలపు పుట్టాక కోరిక దాని వెంటే వస్తుంది. ఆ అమ్మాయిది సిగ్గు కావచ్చు, నిగ్రహం కావచ్చు. పెళ్లయితే సర్దుకుంటుంది.

మహబూబ్‌నగర్ నుంచి, సైకాలజీ లెక్చరర్:
పంతులుగారూ, మీరు తెచ్చిన మాటే మీ వాదానికి అడ్డం వస్తోంది. అలంకారశాస్త్ర గ్రంథం సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు రతికి చెప్పిన లక్షణం ఏమిటి? మనసుకు నచ్చిన దాని వైపు మనసు వాలడం. అక్కడ శరీరం ప్రసక్తి లేదు. ఈరోజు మన వాడుకలో రతి అంటే శరీర సంబంధం మాత్రమే. శృంగారంలో సంభోగం అంటే కలయిక, విప్రలంభం అంటే ఎడబాటు అని రెండు భాగాలు చేసినవాళ్లకు, కలయిక లేని చోట కూడా ఆ భావం నిండుగా ఉంటుందని తెలుసు.

నిగ్రహం గురించి ఒక్క మాట. నిగ్రహించాలంటే ముందు కోరిక ఉండాలి. ఆకలి వేస్తున్నా ఉపవాసం ఉండటం వేరు, ఆకలే వేయకపోవడం వేరు.

సైకాలజీలో దీని మీద లీసా డైమండ్ 2003లో ఒక ముఖ్యమైన వ్యాసం రాశారు. ఆమె వాదం ఇది. లైంగిక కోరిక సంతానోత్పత్తికి సంబంధించిన ఏర్పాటు. ఒకరి మీద ప్రాణం పెట్టుకోవడం ఇంకో ఏర్పాటు, అది పసిబిడ్డకూ తల్లికీ మధ్య బంధం కోసం పుట్టినది. బిడ్డ ఏం చేస్తుంది? తల్లి కనపడకపోతే ఏడుస్తుంది, దగ్గరుంటే ధైర్యంగా ఆడుకుంటుంది, దెబ్బ తగిలితే ఆమె దగ్గరికే పరుగెత్తుతుంది. పెద్దయ్యాక ప్రేమించిన మనిషి విషయంలో మనం చేసేదీ అదే. ఈ స్నేహితురాలి సంగతి చూడండి, అతను బస్సెక్కితే అన్నం సహించకపోవడం అచ్చంగా ఆ ఏడుపే. ఆ బంధానికి కోరికతో పని లేదు కాబట్టి, పెద్దవాళ్లలోనూ అది కోరిక లేకుండా నిలబడగలదు. చాలామందిలో రెండూ ఒకే మనిషి మీద కలుస్తాయి. అందుకే ఒకటే అనుకుంటాం.

దీనికి ఇంకో ఆధారం పిల్లలు. ఎలైన్ హాట్‌ఫీల్డ్ బృందం 1980లలో నాలుగేళ్ల పిల్లల నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల దాకా అడిగి చూసింది. ఒకరి మీద తీవ్రంగా మనసు పడటం యుక్తవయసు రాని చిన్నపిల్లలు కూడా చెప్పారు.

కోదాడ నుంచి:
మా ఇంట్లో జరిగింది చెబుతాను. పెళ్లయిన ఆరేళ్లకు నా భార్య ఇలాగే అయింది. నేనంటే మోజు పోయిందనుకుని చాలా బాధపడ్డాను. టెస్ట్ చేయిస్తే థైరాయిడ్ తక్కువగా ఉంది. మందులు వాడాక మామూలైంది. ముందు డాక్టర్‌కు చూపించండి అక్కా.

మహబూబ్‌నగర్ లెక్చరర్:
మీ సలహా మీ ఇంటి విషయంలో నూటికి నూరుపాళ్లు సరైంది అన్నా. ఉన్న కోరిక ఉన్నట్టుండి తగ్గితే థైరాయిడ్ చూడాలి, డిప్రెషన్ చూడాలి, దాని మందుల వల్ల కూడా తగ్గుతుంది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఎప్పుడైనా ఉండేదా? లేకపోవడం ఆమెను బాధపెడుతోందా, లేక చుట్టుపక్కలవాళ్లనా? మొదటి నుంచీ లేదు, అది తన స్వభావమే అని ఆమె అంటే, మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 కూడా దాన్ని జబ్బుగా రాయొద్దనే చెబుతుంది.

2004లో ఆంథొనీ బోగార్ట్ బ్రిటన్‌లో 18 వేలకు పైగా జనం ఇచ్చిన జవాబులు చూస్తే, ఎవరి మీదా ఎప్పుడూ లైంగిక ఆకర్షణ కలగలేదన్నవాళ్లు నూటికి ఒకరు ఉన్నారు. కానీ ఆ సర్వేలో అడిగింది లైంగిక ఆకర్షణ గురించే. వాళ్లలో ఎంతమంది ప్రేమలో పడ్డారో ఆ లెక్క చెప్పదు. కొందరిలో ఇలా ఎందుకు ఉంటుందన్నది ఇంకా తేలలేదు. రెండు ఏర్పాట్లు వేరు కాబట్టి ఇలా ఉండటం సాధ్యమే అన్నంతవరకే చెప్పగలం.

సూర్యాపేట నుంచి:
నాది దీనికి తిరగబడిన కేసు. కోరిక ఉంటుంది. కానీ ఒకరి కోసం తపించడం, రాత్రంతా ఆలోచించడం నాకు ఎప్పుడూ రాలేదు. స్నేహితుల కోసం ప్రాణం ఇస్తాను, అమ్మంటే ప్రేమ. అయినా నన్ను రాతిగుండె అంటారు. మోసగాడు అని కూడా అన్నారు. నేను ఎవరికీ ప్రేమిస్తున్నానని చెప్పలేదు. నాలాంటివాడికి మాట ఉందా?

మహబూబ్‌నగర్ లెక్చరర్:
ఉంది తమ్ముడూ, ఇంగ్లిష్‌లో ఏరొమాంటిక్ అంటారు. తెలుగులో నాకు నచ్చింది ఇంకా దొరకలేదు. ముందే నిజం చెప్పినవాడు మోసగాడు కాడు.

నాగర్‌కర్నూల్ నుంచి, సైన్స్ టీచర్:
ఆ అమ్మాయి లాంటివాళ్లను ఇంగ్లిష్‌లో అసెక్సువల్ అంటారు. దాన్ని తెలుగు చేసి దయచేసి “అలైంగికులు” అనకండి. పదో తరగతిలో అలైంగిక ప్రత్యుత్పత్తి అని ఈస్ట్ గురించి, హైడ్రా గురించి చెబుతాం. నా పిల్లలకు ఆ మాట వినగానే హైడ్రా మొగ్గ గుర్తొస్తుంది. మనిషికి ఆ మాట పెట్టడం నాకు కష్టంగా ఉంది.

వనపర్తి పండితులు:
లక్షణం నేను మరిచాను, ఒప్పుకుంటున్నాను. అయితే మనసుకు “ప్రణయం” అనండి. ప్రణయాకర్షణ, లైంగికాకర్షణ.

మిర్యాలగూడ:
సార్, రాతలో అది బాగుంది. కానీ ఆమె అతనితో ఎదురుగా కూర్చుని “నాకు నీ మీద ప్రణయాకర్షణ ఉంది” అంటుందా? మా అమ్మమ్మ “పానం గుంజుతది” అనేది. ఊరికెళ్లిన మనవడి గురించీ అదే మాట, చనిపోయిన తాత గురించీ అదే మాట. అందులో కోరిక వాసన లేదు.

వనపర్తి పండితులు:
మనవడికీ ప్రియుడికీ ఒకే మాట అయితే, ఆ అబ్బాయికి తాను ఎవరో ఎలా తెలుస్తుంది తల్లీ?

మహబూబ్‌నగర్ లెక్చరర్:
ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే మాట ఒక్కటి సరిపోనప్పుడు వాక్యం చెప్పొచ్చు.

మిర్యాలగూడ:
నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని ఇలా రాసుకున్నాం. “నువ్వు లేకపోతే నాకు పానం గుంజుతది. నీతోనే బతకాలని ఉంది, నిన్ను ఎవరితోనూ పంచుకోలేను. శరీరం కోరే కోరిక మాత్రం నాకు ఎవరి మీదా ఎప్పుడూ కలగలేదు. అది నీ లోటు కాదు. అది లేకుండా నాతో ఉండగలవో లేదో ఆలోచించి చెప్పు, తొందర లేదు.” “పంచుకోలేను” అన్నచోటే మనవడికీ అతనికీ తేడా తెలుస్తుందని ఆమె అంటోంది. ఆదివారం అతను నల్లగొండ వస్తున్నాడు.

వనపర్తి పండితులు:
“లోటు” బదులు “తక్కువ” అనమ్మా. లోటు అంటే ఎక్కడో ఒకచోట ఏదో లోటు ఉందనే వినిపిస్తుంది.

మిర్యాలగూడ:
అడిగాను సార్. “అది నిన్ను తక్కువ చేయడం కాదు” అని మార్చింది.