‘సమస్యను గుర్తించాం’ అంటే ఏం తెలిసినట్టు?

బెజవాడ సపోర్టు: పెద్దలకు నమస్కారం. బెజవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో సపోర్టు చూస్తాను. గుంటూరు మిర్చి యార్డులో కొన్ని కమీషన్ కొట్లు మా బిల్లింగ్ సర్వీసు వాడతాయి. పోయిన మంగళవారం మధ్యాహ్నం 12:40కి, రైతుకు సరుకు లెక్క రాసిచ్చే తక్ పట్టీలు ప్రింటు కావడం ఆగిపోయింది. 12:55కి అన్ని కొట్లకూ ఈ మెయిల్ పంపాను:

“సాంకేతిక సమస్యను గుర్తించాం. మా బృందం పనిచేస్తోంది. త్వరలో పరిష్కరిస్తాం. తదుపరి సమాచారం 1:30కి. అసౌకర్యానికి చింతిస్తున్నాం.”

దీనికి రెండు చోట్ల చీవాట్లు తిన్నాను. ఒక గుమాస్తా గారు ‘గుర్తించాం’ చూసి, తప్పెక్కడో దొరికింది కదా, పది నిమిషాల్లో అయిపోతుందని రైతులను కూర్చోబెట్టారట. అప్పటికి ఆగిందని తప్ప ఎందుకు ఆగిందో మాకే తెలియదు. ఇంకొకాయన 1:30కి పట్టీలు వస్తాయనుకున్నారు. నేనన్నది 1:30కి మళ్ళీ మెయిల్ రాస్తానని. ఏ మాటలు వాడి ఉండాల్సింది?

పట్టాభిపురం మాస్టారు: అమ్మాయ్, తప్పు నీది కాదు, ఆ క్రియదే. దారిలో స్నేహితుణ్ణి చూసి ఆనవాలు పట్టినా ‘గుర్తించాను’ అంటాం, డాక్టరు జబ్బేదో తేల్చినా ‘గుర్తించారు’ అంటాం. మొదటిదానికి ‘మా దృష్టికి వచ్చింది’, రెండోదానికి ‘కారణం కనుగొన్నాం’ అని విడగొట్టు. ఇక ‘త్వరలో’ పలుచగా ఉంది, ‘సత్వరమే’ అని రాయి. చదివేవాడికి భరోసాగా ఉంటుంది.

బ్రాడీపేట వాసి: కంప్లైంటు మెయిల్ ఎలా రాయాలనేగా ప్రశ్న? మా అపార్టుమెంటు వాచ్‌మన్ మొన్న లిఫ్టులో ‘నీళ్ళు రావు’ అని కాగితం అంటించాడు. ఇవాళ రావా, ఇక ఎప్పటికీ రావా? మూడో అంతస్తు పిన్నిగారు ట్యాంకర్‌కు ఫోన్ కూడా చేసేశారు. ‘నీళ్ళు రావడం లేదు’ అంటే సరిపోయేది.

ఆన్‌కాల్ ఇంజినీరు: ఆమె కంప్లైంటు చేయడం లేదండీ, చేయించుకుంటోంది. అయినా మీ వాచ్‌మన్ ముక్క ఇక్కడ పనికొచ్చేదే. ‘పట్టీలు రావు’ కాదు, ‘12:40 నుంచి పట్టీలు రావడం లేదు’ అని రాయాలి.

మాస్టారూ, మొదటి సవరణ బాగుంది కానీ ‘సత్వరమే’తో నాకు పేచీ. ఏ మాట పెట్టినా అందులో గడియారం లేదు. పదేళ్ళుగా రాత్రిళ్ళు లేచి ఈ మెయిళ్ళు రాస్తున్నవాణ్ణి, చదివేవాళ్ళు వెతికేవి మూడే. నాకు ఏది ఆగింది, ఇప్పుడు మీరు ఎక్కడున్నారు, మళ్ళీ ఎప్పుడు చెబుతారు. ‘సాంకేతిక సమస్య’ మొదటి ప్రశ్నకే జవాబు కాదు. కొట్టులో కూర్చున్నవాడికి పట్టీ ఆగిందా, కాటా నమోదు కూడా ఆగిందా అన్నది కావాలి. అమ్మా, ఆ రోజు లోపల ఏం జరిగింది?

బెజవాడ సపోర్టు: అన్నా, కాటా నమోదు నడిచింది. పట్టీ నొక్కితే మాత్రం తిరుగుతూ ఉండిపోయేది. సర్వరు లాగ్‌లో ఇది పడింది:

```
FATAL: sorry, too many clients already
```

ఆ పొద్దున పెట్టిన కొత్త రిపోర్టు డేటాబేస్ కనెక్షన్లు తీసుకుని వదలడం లేదు. అది 1:45కి తేలింది. రిపోర్టును వెనక్కి తీశాక 2:10కి పట్టీలు రావడం మొదలైంది.

ఆన్‌కాల్ ఇంజినీరు: ఆ ఎర్రర్ లైను మెయిల్లో పెట్టకపోవడం మంచిదైంది. ‘క్లయింట్లు ఎక్కువయ్యారు’ అని చదివి, మా కొట్టు ఎక్కువైందా అని ఎవరో ఒకరు అడుగుతారు. 12:55కి నేనైతే ఇలా రాసేవాణ్ణి:

“ఈ రోజు (మంగళవారం) మధ్యాహ్నం 12:40 నుంచి తక్ పట్టీలు ప్రింటు కావడం లేదు. కాటా నమోదు పనిచేస్తోంది, బరువులు ఎక్కించుకోవచ్చు. కారణం ఇంకా తెలియలేదు, వెతుకుతున్నాం. ప్రింటు మళ్ళీ మళ్ళీ నొక్కవద్దు, ఒక్కో నొక్కు సర్వరు మీద ఇంకో భారం. బాగైనా కాకపోయినా 1:30కల్లా ఇంకో మెయిల్ పంపుతాం.”

‘బాగైనా కాకపోయినా’ అనగానే 1:30 మెయిలుకే గడువు, మరమ్మతుకు కాదు అని తేలిపోతుంది. 1:30కి కొత్త సంగతి లేకపోయినా మెయిల్ వెళ్ళాలి, ‘కారణం ఇంకా దొరకలేదు, మళ్ళీ 2:00కల్లా రాస్తాం’ అని. ఆ ఒక్కటి ఎగ్గొడితే ఫోన్లు మోగడం మొదలు. అలాగే, చూసి రూఢి చేసుకోకుండా ‘మీ డేటా భద్రం’ అనొద్దు. ‘ఇప్పటిదాకా నష్టమేమీ కనబడలేదు’ అనేవరకే మన హద్దు.

యార్డు గుమాస్తా: మేడమ్, ఆ కూర్చోబెట్టింది నేనే. పద్నాలుగు మంది రైతులు, వాళ్ళలో ఇద్దరికి నరసరావుపేట బండి పోయింది. ‘కారణం తెలియలేదు’ అని రాసుంటే మా షావుకారు తిట్టినా సరే, అప్పుడే పుస్తకం తీసి చేత్తో పట్టీలు రాసేవాణ్ణి. ఒంటిగంటన్నర దాకా రాకపోతే చేత్తో రాసుకోండి అన్న ముక్క మీరే ఎందుకు రాయకూడదు?

ఆన్‌కాల్ ఇంజినీరు: మంచి మాట. కానీ చేత్తో రాసినవి తర్వాత సిస్టమ్‌లోకి ఎక్కించేటప్పుడు నంబర్లు కలవాలి. దానికి పద్ధతి ముందే అనుకుని ఉంటేనే ఆ వాక్యం రాయగలం. మీ కంపెనీలో ఉందా అమ్మా?

బెజవాడ సపోర్టు: లేదన్నా. మేనేజరు గారిని అడగాలి.

పట్టాభిపురం మాస్టారు: ‘1:30కల్లా’ వినడానికి బాగుంది గానీ రాతలో ‘లోపు’ ఉండాలి. ‘కల్లా’ వాడుక మాట.

ఆన్‌కాల్ ఇంజినీరు: ‘లోపు’ తప్పు కాదు మాస్టారూ. ‘పొద్దుటికల్లా నీళ్ళు పట్టేయాలి’ అన్నప్పుడున్న పట్టుదల దానిలో వినబడదు, అంతే. ‘వరకు’ మాత్రం వద్దంటాను. మా హైదరాబాద్ ఆఫీసులో ‘రెండింటి వరకు పంపుతా’ అంటే రెండింటికల్లా అని. ఇక్కడివాళ్ళకు రెండింటిదాకా పంపుతూనే ఉంటారని వినబడుతుంది.

బెజవాడ సపోర్టు: ఇంకొక్కటి. 2:10కి పట్టీలు రాగానే ‘పరిష్కరించాం’ అని పంపాను. 2:25కి రెండు కొట్లలో మళ్ళీ ఆగి, అయిదు నిమిషాలకు వాటంతటవే సర్దుకున్నాయి. నా మాట పోయింది.

ఆన్‌కాల్ ఇంజినీరు: పాత కనెక్షన్లు ఇంకా పూర్తిగా వదిలి ఉండవు. ‘2:10 నుంచి పట్టీలు మళ్ళీ వస్తున్నాయి. 3:00 దాకా కనిపెట్టుకుని ఉంటాం, అప్పుడు ఆఖరి మెయిల్ పంపుతాం’ అని రాస్తే సరి. ‘పరిష్కరించాం’ను మూడింటి మెయిలుకు దాచుకోవాలి.

పట్టాభిపురం మాస్టారు: ఆహా, ‘కనిపెట్టుకుని ఉండటం’! పసిపిల్ల మంచం పక్కన కూర్చున్నట్టుంది. ఇంగ్లీషు మాట అరువు తెచ్చుకోనక్కర్లేదు.

యార్డు గుమాస్తా: కనిపెట్టడమంటే కొత్తగా ఏదో తయారుచేయడం కాదా మేడమ్? మా కొట్టు కుర్రాడు అది చదివి, వీళ్ళింకా ఇప్పుడు కనిపెడుతున్నారా అంటాడు.

బ్రాడీపేట వాసి: ‘చూస్తూ ఉంటాం’ అనొచ్చుగా.

పట్టాభిపురం మాస్టారు: చూస్తూ ఊరుకుంటాం అన్నట్టుంటుంది.

బెజవాడ సపోర్టు: ప్రస్తుతానికి ‘గమనిస్తూ ఉంటాం’ అని టెంప్లేటులో పెట్టాను. ‘గుర్తించాం’ తీసేశాను. ‘కల్లా’ ఉంచాను, క్షమించాలి మాస్టారూ. గుమాస్తా గారూ, చేతి పట్టీల నంబర్లు మీరు ఎలా వేస్తారో ఒక ఫొటో తీసి పెడతారా? మేనేజరు గారికి అది చూపించి మాట్లాడతాను.

యార్డు గుమాస్తా: పెడతాను మేడమ్. ఇప్పుడు కాటా దగ్గర ఉన్నా, టిక్కీలు దిగుతున్నాయి. సాయంత్రం అయిదింటికల్లా.