పాలిస్తూ సెర్ట్రలిన్ వేసుకోవచ్చా? డాక్టర్ల మాటలు కలవడం లేదు

బాబుకి ఎనిమిది వారాలు. నెలలు నిండాకే పుట్టాడు, బరువు బాగానే పెరుగుతున్నాడు, నా పాలే తాగుతాడు. గర్భంతో ఉన్నప్పుడు డిప్రెషన్ మాత్ర సెర్ట్రలిన్ 50 మి.గ్రా.తో కుదుటపడ్డాను. కాన్పయ్యాక ఆపేశారు. ఆరో వారంలో, కాన్పు తర్వాత డిప్రెషన్ ఉందేమో చూసే ఎడిన్‌బరో ప్రశ్నావళిలో 30కి 17 వచ్చింది. చనిపోవాలనే ఆలోచనలు లేవు. కానీ బాబు నిద్రపోతున్నా, ఊపిరి తీస్తున్నాడా అని పొట్ట మీద చెయ్యేసి తెల్లారేదాకా కూర్చుంటున్నాను.

రెండు వారాల కౌన్సెలింగ్ తర్వాత స్కోరు 16. రాత్రి ఒక పూట మావారే పాలు పట్టినా నిద్ర రాలేదు. పాలలోకి చాలా తక్కువే వెళ్తుంది, అదే మాత్ర మళ్లీ మొదలుపెట్టమని సైకియాట్రిస్ట్ అన్నారు. పిల్లల డాక్టరేమో పాలు మాన్పించమంటున్నారు.

పాలిస్తూ ఈ మాత్ర వాడినవాళ్లు, మొదటి వారాల్లో బిడ్డలో ఏమేం గమనించమని మీ డాక్టర్ చెప్పారు?