పెళ్లి వీడియో కాపీ మధ్యలో ఎస్‌ఎస్‌డీ చతికిలపడుతోంది: తప్పు వేడిదా, సరుకుదా?

ఒంగోలు ఫ్రేమ్స్: అన్నలూ, నాది పెళ్లిళ్ల వీడియో పని. ఒక్కో పెళ్లికి 280 జీబీ దాకా వస్తుంది. బయటి ఎస్‌ఎస్‌డీ నుంచి ల్యాప్‌టాప్‌లోని 1 టీబీ ఎన్‌వీఎంఈకి కాపీ పెడితే మొదట 950 ఎంబీ స్పీడు, కాసేపటికి 300, తర్వాత 140. మొన్న దగ్గర దగ్గర అరగంట పట్టింది. అడుగు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. హీట్‌సింక్ వేయిస్తే తగ్గుతుందా?

పెన్నాతీరం: నూటికి నూరు పాళ్లు వేడే. ఆ చిప్పు 80 దాటగానే తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. మన ఎండలకి మామూలు గదిలోనే 38 ఉంటుంది, ఇంక ల్యాప్‌టాప్ పొట్టలో ఎంతుంటుందో ఆలోచించండి. నాదీ ఇదే బాధ. థర్మల్ ప్యాడ్ ముక్క ఒకటి పెట్టి అడుగు మూతకి ఆనించాను, ఆ రోజుతో సరి. 200 రూపాయల పని.

ట్రంకురోడ్డు మెకానిక్: వేడి కాదు. సరుకు. మోడల్ నంబరు పెట్టు తమ్ముడూ, చెప్తాను. చౌక రకం ఎస్‌ఎస్‌డీ అయితే మొదట కొంత దూరమే పరుగు, ఆ తర్వాత నడకే. దానికి హీట్‌సింక్ కాదు కదా, ఐసుగడ్డ పెట్టినా అంతే.

చీమకుర్తి సీను: మా ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా స్లో అన్నా. ర్యామ్ 16 చేయించాక బాగుంది. ఫ్యాన్‌లో గ్రానైట్ పొడి గుప్పెడు వచ్చింది.

పెన్నాతీరం: సీనూ, ఇక్కడ ర్యామ్ గొడవ కాదు. మెకానిక్ గారూ, చెయ్యి కాలుతోందని ఆయన రాశాడు కదా. అది చదవలేదా?

ట్రంకురోడ్డు మెకానిక్: చదివాను. పని చేస్తే ఏ ఎస్‌ఎస్‌డీ అయినా వేడెక్కుద్ది. వేడెక్కడం వేరు, వేడి వల్ల ఆగడం వేరు. `smartctl` అని ఒకటుంది, దాంట్లో హెచ్చరిక గీత దాటి ఎన్ని నిమిషాలు ఉందో లెక్క రాసి ఉంటుంది. పేరు కోసం ముందు స్కాన్ చేసి, వచ్చిన పేరు రెండో లైన్లో పెట్టు.

```
smartctl --scan
smartctl -a /dev/sda
```

ఒంగోలు ఫ్రేమ్స్: చూశాను. `Warning Comp. Temperature Time` దగ్గర 0 ఉంది. హెచ్చరిక గీత 85 అని చూపిస్తోంది. అడుగున `Thermal Temp. 1 Transition Count` అని ఉంది, దాని పక్కన 14.

ట్రంకురోడ్డు మెకానిక్: సున్నా! అయిపోయింది. వేడి కాదు.

పెన్నాతీరం: ఏం అయిపోయింది? కింద 14 ఉందే, అది కళ్లకు ఆనలేదా?

కావలి సుజాత: ఆ సున్నా మీద తీర్పు చెప్పకండి. అది 85 గీత దాటిన నిమిషాలనే లెక్కపెడుతుంది. చాలా ఎస్‌ఎస్‌డీలు ఆ గీత దాకా పోనివ్వవు, రెండు మూడు డిగ్రీల ముందే స్పీడు తగ్గించుకుని చల్లబడతాయి. ఆ 14 అంటే అలా 14 సార్లు తగ్గించుకుంది. కాబట్టి వేడి ఉంది. అయితే మీ అరగంటలో దాని వాటా ఎంతో ఆ 14 చెప్పదు. అది తేలాలంటే ఒకే కాపీ రెండు సార్లు చేయాలి: ఒకసారి మామూలుగా, ఒకసారి బాగా చల్లబరిచి.

రెండిట్లో స్పీడు ఏ నిమిషాన పడిందని కాదు, ఎన్ని జీబీల దగ్గర పడిందో రాసుకోండి. వేడి వల్ల పడితే చల్లబరిచాక ఆ చోటు జరుగుతుంది, లేదా మాయమవుతుంది. సరుకు వల్ల పడితే ఫ్యాన్ పెట్టినా అదే జీబీ దగ్గర పడుతుంది. రెండు టెస్టుల మధ్య ఆ ఫైళ్లు తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి, ఒక గంట ఊరికే ఆన్‌లో ఉంచండి. లోపల సర్దుకోవడానికి దానికి టైమ్ కావాలి. ఇంకో మాట, బయటి ఎస్‌ఎస్‌డీ డబ్బా కూడా పట్టుకుని చూడండి. అదే కాలిపోతూ ఉంటే లోపలిదాన్ని తిట్టి లాభం లేదు.

సింగరాయకొండ వాసి: పరుపు మీద పెట్టి కాపీ చేస్తున్నావేమో చూసుకో నాయనా. పీట మీద పెట్టు.

పెన్నాతీరం: టెస్టులు చేసుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక సంగతి అందరూ వదిలేస్తున్నారు. ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ ఉన్నది ప్రాసెసర్ కోసం, ఎస్‌ఎస్‌డీ కోసం కాదు. కాపీ జరిగేటప్పుడు ప్రాసెసర్‌కి పెద్ద పని ఉండదు, అది చల్లగా ఉంటుంది, కాబట్టి ఫ్యాన్ నిద్రపోతుంది. ఆ పక్కనే ఎస్‌ఎస్‌డీ మాడిపోతున్నా దానికి పట్టదు. నేను కనుక్కున్న కిటుకు ఏంటంటే, ఫ్యాన్‌ని గేమింగ్ మోడ్‌లో పెట్టి కాపీ చేస్తే ఏడెనిమిది డిగ్రీలు తగ్గింది.

కావలి సుజాత: ఈ మాట నిజం. అయితే గాలి ఎస్‌ఎస్‌డీ మీదుగా పోయే దారి ఉన్న ల్యాప్‌టాప్‌లకే అంత తేడా. చాలావాటిలో అది ఒక మూల మూతకీ బోర్డుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఫ్యాన్ ఎంత అరిచినా అక్కడికి గాలి రాదు.

ఒంగోలు ఫ్రేమ్స్: చేశాను అక్కా. పాత పెళ్లిళ్లన్నీ హార్డ్ డిస్క్‌లోకి మార్చేశాను, ఇప్పుడు 840 జీబీ ఖాళీ. బయటి డబ్బా గోరువెచ్చగానే ఉంది. డిగ్రీలు HWiNFOలో చూశాను.

మొదటిసారి బల్ల మీద మామూలుగా. రెండు నిమిషాలు దాటగానే 82 డిగ్రీలు, స్పీడు 950 నుంచి 310కి పడింది. 75కి దిగగానే మళ్లీ 900, మళ్లీ 82, మళ్లీ 310. రంపం పళ్లలాగా పైకీ కిందికీ. 210 జీబీ దగ్గర 140కి పడి ఇంక లేవలేదు. విచిత్రం ఏంటంటే అప్పటి నుంచి వేడి 66కి దిగిపోయింది, అయినా స్పీడు రాలేదు. మొత్తం పదమూడున్నర నిమిషాలు.

రెండోసారి అడుగు మూత ఊడదీసి, ల్యాప్‌టాప్‌ని గుడారంలాగా నిలబెట్టి, టేబుల్ ఫ్యాన్ పెట్టాను. 64 దాటలేదు. 950 మీద నిలకడగా పోయింది. కానీ 210 దగ్గరకి రాగానే మళ్లీ 140. మొత్తం పన్నెండు నిమిషాలు.

ట్రంకురోడ్డు మెకానిక్: ఇప్పుడేమంటారు పెన్నాతీరం గారూ? మీ ప్యాడ్ ఖరీదు నిమిషంన్నర.

ఒంగోలు తమ్ముడూ, 840లో నాలుగో వంతు ఎంత? 210. నీది ఒక గదిలో నాలుగు బిట్లు కుక్కే రకం. ఖాళీ ఉన్నంతసేపు గదికి ఒక్క బిట్టే పెట్టి పరిగెత్తుద్ది. లారీ వడ్లు ముందు వరండాలో గబగబా దించి, తర్వాత తీరిగ్గా గోదాములో సర్దుకోవడంలాంటిది. వరండా నిండాక నేరుగా గోదాముకే మొయ్యాలి, అదే నీ 140. అన్ని కంపెనీలూ ఖాళీ మొత్తం ఇట్లా వాడవు, నీది వాడుతోంది.

అరగంట పట్టిన రోజు ఎంత ఖాళీ ఉంది?

ఒంగోలు ఫ్రేమ్స్: 320 చిల్లర ఉండాలన్నా.

ట్రంకురోడ్డు మెకానిక్: దాంట్లో నాలుగో వంతు 80. మొదటి 80 జీబీ నిమిషంన్నరలో పోద్ది. మిగతా 200 జీబీ 140 లెక్కన 24 నిమిషాలు. దీంట్లో వేడి ఎక్కడుంది?

పెన్నాతీరం: ఆ రోజు ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టారో, గది ఎంత వేడిగా ఉందో మీరు చూశారా? కాగితం మీద లెక్క సరిపోయిందని అదే కారణం అయిపోదు. పైగా రేపు అదే ల్యాప్‌టాప్‌లో ఎడిటింగ్ ఎక్స్‌పోర్ట్ పెడితే గ్రాఫిక్స్ చిప్పు వేడి కూడా తోడవుతుంది. అప్పుడు 140 కూడా రాదు. అసలు సంగతి నేను చెప్తా వినండి. ప్యాడ్ పెడితే మీకు 200, కొత్త ఎస్‌ఎస్‌డీ అమ్మితే వేలు. అందుకే షాపుల వాళ్లకి ఎప్పుడూ సరుకే తప్పు.

ట్రంకురోడ్డు మెకానిక్: నోరు అదుపులో పెట్టుకోండి. కొత్తది కొనమని పై నుంచి కింద దాకా ఎక్కడన్నా అన్నానా? ఖాళీ ఉంచుకుంటే చాలదా అనేదే నా మాట.

నాకెందుకు మండుద్దో చెప్తా. పోయిన నెల ఒకాయన వచ్చాడు. సందు 1 ఎంఎం ఉంటే 3 ఎంఎం ప్యాడ్ కుక్కి, మూత మూసుకోకపోతే స్క్రూలు బిగించి మూశాడు. ఎస్‌ఎస్‌డీ విల్లులాగా వంగింది, స్లాట్ టంకం లేచింది. బోర్డు పని. డేటా అడిగితే నా వల్ల కాలేదు. ఇంట్లో పాప బారసాల ఫోటోలంట. వాళ్లావిడ నన్ను తిట్టింది, వీడియోలో చూపించినోణ్ణి కాదు. ఇంకొకాయన వేడి బాగా పోవాలని స్టిక్కర్ పీకేశాడు. వారంటీ పోయింది. ఆ స్టిక్కర్లలో కొన్నిటికి రాగి పొర ఉంటుంది, వేడి పంచేదే అది!

పెన్నాతీరం: నా కథ కూడా వినండి. ఒక షాపులో ప్యాడ్ పెట్టమని ఇస్తే రెండు వారాలు ఉంచుకుని, సర్వీస్ అని 1500 తీసుకుని, ప్యాడ్ పెట్టకుండానే ఇచ్చారు. ఇంటికొచ్చి నేనే విప్పి చూశాను. అప్పటి నుంచి నా వస్తువు నేనే విప్పుకుంటా. మీరు విప్పొద్దంటే నాకు కోపం వచ్చేది అందుకే.

ట్రంకురోడ్డు మెకానిక్: అది తప్పే. అది చేసింది నేను కాదు.

కావలి సుజాత: అంటే మీ ఇద్దరి తగాదా వేడి గురించి కాదు, స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉండాలన్నదాని గురించి. మొదటే చెప్తే సగం పోస్టులు తగ్గేవి.

విప్పాలనుకున్నవాళ్లకి కొలత ముఖ్యం. ముందు పవర్ తీసి బ్యాటరీ వైరు ఊడదీయండి. పిల్లలు ఆడుకునే క్లే చిన్న ఉండ చేసి, ప్లాస్టిక్ కవర్ ముక్కలో చుట్టి, ఎస్‌ఎస్‌డీ స్టిక్కర్ మీద పెట్టి మూత మూసి తీయండి. అణిగిన ఉండ మందమే సందు. అది 1.2 వస్తే 1.5 మెత్తటి ప్యాడ్ చాలు, కొంచెం నొక్కుకుంటుంది. అంతకు మించి వద్దు. డెస్క్‌టాప్‌కి అమ్మే పళ్లున్న హీట్‌సింక్ ల్యాప్‌టాప్‌లో పట్టదు. మూత అల్యూమినియం అయితే ప్యాడ్ బాగా పని చేస్తుంది. ప్లాస్టిక్ అయితే వేడి పోవడానికి దారి తక్కువ, కాసేపు ఆలస్యం చేస్తుందంతే. ఒంగోలు గారూ, మీ మూత ఏది?

ఒంగోలు ఫ్రేమ్స్: ప్లాస్టిక్ అక్కా. లోపల పల్చటి రేకు ఒకటి అతికించి ఉంది, అది ఎస్‌ఎస్‌డీ దాకా రాలేదు.

ట్రంకురోడ్డు మెకానిక్: ఇంకేం, ప్యాడ్ దండగ. సగం పైన ఖాళీ ఉంచుకో.

పెన్నాతీరం: సగం ఖాళీ ఉంచుకోడానికా 1 టీబీ కొన్నది?

కావలి సుజాత: ఒకేసారి 280 కాకుండా ఒక్కో కెమెరా ఫైళ్లు విడివిడిగా, మధ్యలో గ్యాప్ ఇచ్చి కాపీ చేస్తే వరండా మళ్లీ ఖాళీ అవుతుంది. ఎంత గ్యాప్ అంటే మోడల్‌ని బట్టి. మీదాన్లో ఎంతో మీరే చూసుకోవాలి.

ఒంగోలు ఫ్రేమ్స్: రేపు రాత్రి రిసెప్షన్ ఉంది, అప్పుడు చూసి రాస్తా. ముందు అడుగు మూత బిగించాలి, పది స్క్రూల్లో ఒకటి కనబడటం లేదు. టేబుల్ ఫ్యాన్ కింద వెతుకుతున్నా.