బిగ్-ఎం: ≥ షరతు దగ్గర ఆర్టిఫిషియల్ వేరియబుల్ ఎందుకు?

ఎంబీఏ విద్యార్థిని, అమీర్‌పేట: లెక్క ఇదీ. టిఫిన్ సెంటర్‌కి రోజూ కనీసం 10 క్యాన్ల పాలు కావాలి. మొదటి డెయిరీలో క్యాన్ 2 వేలు, కానీ 6 మించి ఇవ్వరు. రెండో చోట 3 వేలు. నోటితోనే 6, 4 అని చెప్పేయొచ్చు. సింప్లెక్స్ టేబుల్ మాత్రం మొదటి అడుగే పడట్లేదు. మొదటి చోట x, రెండో చోట y క్యాన్లు, 10కి మించి కొన్నది s అనుకుని `x + y − s = 10` రాస్తే మొదట్లో s = −10 వస్తోంది. లేని `a` ఒకటి తెచ్చి ఎందుకు కలుపుతారు?

పోటీ పరీక్షల అభ్యర్థి, దిల్‌సుఖ్‌నగర్: అక్కా, గుర్తులు మార్చేయండి. `−x − y ≤ −10`. ఆర్టిఫిషియల్ అక్కర్లేదు.

ఓఆర్ లెక్చరర్, కూకట్‌పల్లి: గుర్తు మార్చినా కుడివైపు −10 అలాగే ఉంది కదా బాబూ. ఖర్చులన్నీ పాజిటివ్ కాబట్టి డ్యూయల్ సింప్లెక్స్‌తో ఇది తేలుతుంది, మామూలు సింప్లెక్స్‌తో కుదరదు.

అమ్మా, `a` అంటే తీరని పాల లోటు అనుకో. ఏమీ కొనకముందు లోటు 10. ఒక్కో క్యాన్ లోటుకీ M అనే భారీ జరిమానా వేస్తాం. మొదటి డెయిరీ ఇచ్చే 6లో మనం కొనక మిగిలేది t, మొత్తం ఖర్చు Z.

```
Z = 2x + 3y + M·a
x + y − s + a = 10
x + t = 6
```

చాలామంది తప్పేది ఇక్కడే: `a` బేసిస్‌లో ఉంది కాబట్టి Z లోంచి దాన్ని ముందే తీసేయాలి. `a = 10 − x − y + s` పెట్టు:

```
Z = 10M + (2−M)x + (3−M)y + M·s
```

M చాలా పెద్దది కాబట్టి 2−M అన్నిటికన్నా నెగటివ్. x లోపలికి వస్తుంది. నిష్పత్తులు 10, 6. చిన్నది 6, అంటే t బయటికి. x = 6, లోటు 4.

```
Z = 12 + 4M + (M−2)t + (3−M)y + M·s
```

ఇప్పుడు y వస్తుంది, `a` పోతుంది. `y = 4 + s + t`. `a` కాలమ్ ఇక కొట్టేయొచ్చు.

```
Z = 24 + 3s + t
```

నెగటివ్ లేదు, అయిపోయింది. ఖర్చు 24 వేలు. చివరికి M మొత్తం కొట్టుకుపోయింది చూడు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్: నేను ప్రోగ్రాంలో M = 10^20 ఇచ్చాను సార్. చివరి వరుసలో s, t రెండిటికీ 0 వస్తోంది. సింప్లెక్స్ కోడే తప్పా?

లెక్చరర్: కోడ్ కాదు, M. డబుల్‌లో 15, 16 అంకెలే నిలుస్తాయి. 2−M, 3−M రెండూ −10^20 అయిపోయి, 2కీ 3కీ తేడా మాయమవుతుంది. ఈ లెక్కకి 1000 చాలు. ఎంత ఇవ్వాలో ముందే తెలియని పెద్ద లెక్కలకైతే టూ-ఫేజ్ నయం.

విద్యార్థిని: రెండో డెయిరీ కూడా 3 క్యాన్లే ఇస్తానంటే?

లెక్చరర్: x = 6, y = 3 దగ్గర టేబుల్ ఆగుతుంది. Z = 21 + M, `a = 1` బేసిస్‌లోనే మిగులుతుంది. ఆప్టిమమ్ వచ్చాక కూడా `a` సున్నా కాలేదంటే లెక్కకి పరిష్కారం లేదని రాయాలి. 21 వేలు అని రాస్తే తప్పు.

అభ్యర్థి: సార్, డ్యూయల్ సింప్లెక్స్ అయితే M బెడదే ఉండదు. నాకైతే అదే సులువు.